ఏ వీడియో వల్ల ఎన్ని ఆర్డర్లు వచ్చాయి? వాట్సాప్‌లో అమ్మే చిన్న వ్యాపారం లెక్క పట్టుకునే పద్ధతి

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఇంట్లోంచో చిన్న కొట్టులోంచో సరుకు అమ్మేవాళ్లలో చాలామంది ఇప్పుడు వీడియోలు పెడుతున్నారు. రొయ్యల పచ్చడి, మలై కాజా, చీరలు, చెక్క సామాన్లు, సరుకు ఏదైనా దారి మాత్రం ఒకటే. జనం యూట్యూబ్‌లోనో ఇన్‌స్టాలోనో చూస్తారు, వాట్సాప్‌లో ధర అడుగుతారు, ఫోన్‌పేలో డబ్బు పంపుతారు, పార్సిల్ వెళ్తుంది. నెలాఖరులో కూర్చుని చూసుకుంటే వ్యూస్ ఎన్నో తెలుస్తుంది, ఖాతాలో ఎంత పడిందో తెలుస్తుంది. ఏ వీడియో చూసినవాళ్లు డబ్బు కట్టారో మాత్రం తెలియదు.

ఈ విషయం మీద దొరికే పాఠాలు చాలావరకు వెబ్‌సైట్లో కార్ట్ నింపుకుని అక్కడే డబ్బు కట్టే వ్యాపారాలకు రాసినవి. అక్కడ లింక్ నొక్కిన మనిషే డబ్బు కట్టాడని సాఫ్ట్‌వేర్ తనంతట తనే కలుపుకుంటుంది. మన దగ్గర ఆ తాడు వాట్సాప్ తెరుచుకున్న చోటే తెగిపోతుంది. లింక్ నొక్కారని, పేజీకి వచ్చినవాళ్లను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌కు తెలుసు, డబ్బు పడిందని బ్యాంకుకు తెలుసు, కానీ ఆ ఇద్దరూ ఒకరేనని చెప్పేవాళ్లు మధ్యలో ఎవరూ లేరు. ఆ తెగిన చోట ముడి వేయడం గురించే ఈ మార్గదర్శి. నెలకు ఇరవై నుంచి రెండు మూడు వందల ఆర్డర్లు ఉన్న వ్యాపారాన్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

మొత్తం ఒకే ఉదాహరణ మీద నడుద్దాం. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడ గరిటెలు, తెడ్లు, అట్లకాడలు చేసి అమ్మే ఒక కుటుంబం ఉందనుకోండి. ఆరు గరిటెల సెట్ ధర 650 రూపాయలు. చెక్క, కూలి, ప్యాకింగ్, పార్సిల్ ఖర్చులన్నీ పోను సెట్‌కు 200 మిగులుతుంది. వాళ్లు రెండు వీడియోలు పెట్టారు. మొదటిది కెమెరామన్‌ను పిలిపించి తీయించిన అందమైన వీడియో, మొద్దు నుంచి గరిటె ఎలా వస్తుందో చూపిస్తుంది. దానికి 6,000 ఖర్చయింది. రెండోది ఇంట్లో ఫోన్‌తో తీసినది, చెక్క గరిటె ఎలా కడగాలి, నూనె ఎప్పుడు రాయాలి, బూజు ఎందుకు పడుతుంది అని ఆ ఇల్లాలే చెబుతుంది. దానికి లైటు, ఎడిటింగ్ కలిపి 1,500 అయింది. ఈ కుటుంబం, కింద వచ్చే అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. పద్ధతి మాత్రం ఉన్నది ఉన్నట్టు వాడుకోవచ్చు.

మొదటి మెట్టు: దేన్ని అమ్మకం అంటామో రాసి పెట్టుకోవడం

లింకుల జోలికి వెళ్లకముందే ఇది తేల్చుకోవాలి. "ధర ఎంత?" అని మెసేజ్ రావడం అమ్మకం కాదు. "సరే అక్కా, పంపండి" అన్నా కాదు. డబ్బు ఖాతాలో పడి, పార్సిల్ వెనక్కి రాకుండా ఉంటేనే అమ్మకం. పార్సిల్ అందాక డబ్బు తీసుకునే పద్ధతి మీకుంటే, తిరిగొచ్చిన పార్సిళ్లను తీసేశాకే లెక్క కట్టాలి.

ఇంకొక గీత కూడా ఇప్పుడే గీయాలి. కొత్త కొనుగోలుదారు వేరు, పాతవాళ్లు వేరు. మీ దగ్గర మూడుసార్లు కొన్న చెన్నై ఆవిడ కొత్త వీడియో కింద లింక్ నొక్కి నాలుగోసారి కొంటే, ఆ లింక్ ఆమెకు తలుపు మాత్రమే. వీడియో లేకపోయినా ఆమె కొనేది. ఇలాంటివాళ్లను వీడియో ఖాతాలో కలిపితే మీ వీడియోలన్నీ ఉన్నదానికంటే బాగా కనిపిస్తాయి. కాబట్టి వీడియో లెక్కలోకి కొత్తవాళ్ల మొదటి ఆర్డర్ ఒక్కటే వస్తుంది. పాతవాళ్ల ఆర్డర్లు పుస్తకంలో ఉంటాయి, వీడియో ఖాతాలోకి రావు.

రెండో మెట్టు: ప్రతి వీడియోకు ఒక పేరు

v01, v02 అని అంకెలు పెట్టడం కంటే వీడియోలోని విషయాన్ని గుర్తుచేసే చిన్న తెలుగు మాట పెట్టండి. మన ఉదాహరణలో మొదటి వీడియో `chekkudu`, రెండోది `kadugu`. ఇలా ఎందుకంటే ఈ పేరు లింక్‌లోనే కాదు, మనుషుల నోట్లో కూడా తిరగాలి. ఫోన్ చేసేవాళ్లు ఎవరూ "వీ సున్నా రెండు చూశాను" అనరు. "కడగడం గురించి చెప్పారు కదమ్మా, ఆ వీడియో" అంటారు. పుస్తకం రాసేవాళ్లకు అది చాలు.

ఆ పేరు వెనక లింక్ ఎక్కడ పెట్టారో చెప్పే ఒక అక్షరం చేర్చండి. డిస్క్రిప్షన్‌కు d, పిన్ చేసిన కామెంట్‌కు p, ఇన్‌స్టా బయోకు b. అప్పుడు `kadugu-d`, `kadugu-p` అని వస్తాయి. అన్నీ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. గూగుల్ అనలిటిక్స్‌కు `Kadugu` వేరు, `kadugu` వేరు. ఒకసారి అలా ఒకసారి ఇలా రాస్తే ఒకే వీడియో రెండు వరసలుగా చీలిపోతుంది. పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, వీడియోలు ఎక్కించే మనిషి కళ్లెదుట అతికించండి.

మూడో మెట్టు: లింక్ తయారీ

వెబ్ పేజీ ఏదీ లేకపోతే నేరుగా వాట్సాప్ లింక్‌తో మొదలుపెట్టవచ్చు. నొక్కగానే మీ చాట్ తెరుచుకుని, మెసేజ్ పెట్టెలో ముందే రాసిన మాటలు కనిపిస్తాయి. అవతలివాళ్లు పంపే బాణం నొక్కితే చాలు.

```
https://wa.me/91XXXXXXXXXX?text=Namaste.%20Code:%20kadugu-d
```

నంబరు ముందు 91 ఉండాలి. ప్లస్ గుర్తు, సున్నా, మధ్యలో ఖాళీ ఉండకూడదు. `%20` అంటే రెండు మాటల మధ్య ఖాళీ. ఈ ఒక్క లింక్‌తోనే మన పని సగానికి పైగా అయిపోతుంది, ఎందుకంటే వీడియో పేరు చాట్‌లోకి వచ్చేసింది. తెగిన తాడుకు ముడి అదే.

దీనిలో లేనిది ఒకటుంది. ఎంతమంది లింక్ నొక్కి మెసేజ్ పంపకుండా వెళ్లిపోయారో తెలియదు. అది కావాలంటే మధ్యలో ఒక పేజీ ఉండాలి. నాలుగు ఫోటోలు, ధర, పార్సిల్ ఎన్ని రోజుల్లో అందుతుందో, కింద ఒక వాట్సాప్ బటన్ ఉన్న ఒంటి పేజీ చాలు. గూగుల్ అనలిటిక్స్ ట్యాగ్ దాని తలభాగంలో పెట్టండి. అప్పుడు వీడియో కింద పెట్టే లింక్ ఇలా ఉంటుంది:

```
https://example.in/garite?utm_source=youtube&utm_medium=video&utm_campaign=kadugu&utm_content=d
```

utm_ తో మొదలయ్యే ఈ యూటీఎం మాటలు పేజీ దాకా వస్తాయి, అక్కడ అనలిటిక్స్ వాటిని రాసుకుంటుంది. కానీ వాటంతట అవి వాట్సాప్‌లోకి దూకవు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పేజీకి వచ్చినవాళ్ల లెక్క బ్రహ్మాండంగా ఉంటుంది, ఆర్డర్ల పుస్తకంలో మాత్రం వీడియో పేరు ఉండదు. పేజీలోని బటన్ ఆ పేరును చాట్‌కు అందించేలా ఈ వరసలు పెట్టించండి:

```html
<a id="wa" href="https://wa.me/91XXXXXXXXXX">WhatsApp</a>
<script>
const q = new URLSearchParams(location.search);
const code = (q.get('utm_campaign') || 'site') + '-' +
             (q.get('utm_content') || 'x');
document.getElementById('wa').href =
  'https://wa.me/91XXXXXXXXXX?text=' +
  encodeURIComponent('నమస్తే, గరిటెల సెట్ కావాలి. కోడ్: ' + code);
</script>
```

లింక్‌లో యూటీఎం లేకుండా పేజీకి వచ్చినవాళ్ల మెసేజ్‌లో `site-x` అని ఉంటుంది. అంటే వీళ్లు ఏ వీడియో నుంచి వచ్చారో తెలియదని మీకు తెలుస్తుంది. అనలిటిక్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే బయటి సైటుకు వెళ్లే ప్రతి నొక్కుడూ `click` అనే ఈవెంట్‌గా నమోదవుతుంది. పేజీలో బయటికి పోయే లింక్ వాట్సాప్ ఒక్కటే ఉంచితే ఆ అంకెను నేరుగా వాడుకోవచ్చు.

వీడియో బయటికి వదలకముందు మీది కాని మరో ఫోన్‌లో యూట్యూబ్ యాప్ నుంచి లింక్ నొక్కి, చాట్‌లో కోడ్ వచ్చేదాకా వెళ్లి చూడండి. ఆ క్షణంలో అనలిటిక్స్‌లో రియల్‌టైమ్ రిపోర్ట్ తెరిచి ఉంచితే మీ రాక కనిపిస్తుంది. మిగతా రిపోర్టుల్లో అదే అంకె స్థిరపడటానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు కాబట్టి అదే రోజు లేదని కంగారుపడక్కర్లేదు. కొత్త ఛానెల్ అయితే డిస్క్రిప్షన్‌లో లింక్ ఉత్త అక్షరాలుగా ఉండిపోయి నొక్కుడు పడకపోవచ్చు. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్లు తెరుచుకున్నాయో లేదో చూసుకోండి.

లింక్‌ను డిస్క్రిప్షన్ మొదటి వరసలో పెట్టండి. కింద పెడితే "మరిన్ని" నొక్కినవాళ్లకే కనబడుతుంది, అలా నొక్కేవాళ్లు తక్కువ.

షార్ట్స్, రీల్స్ సంగతి వేరు

2023 ఆగస్టు 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో పెట్టే లింకులు నొక్కితే పనిచేయవు. ఇన్‌స్టా రీల్ కింద రాతలోనూ అంతే, అక్కడ బయో ఒక్కటే దారి. కాబట్టి షార్ట్‌కు లింక్ పెట్టి, నొక్కినవాళ్లు సున్నా అని చూసి ఆ షార్ట్ పనికిరాదని తేల్చేస్తే అన్యాయం.

దీనికి రెండు పనులు చేయవచ్చు. షార్ట్‌లో రిలేటెడ్ వీడియోగా మీ పెద్ద వీడియోను తగిలించండి. అప్పుడు జనం దానిలోకి వెళ్లి అక్కడి లింక్ నొక్కుతారు. రెండోది, నోటితో చెప్పే మాట. వీడియో చివర "ఈ నంబరుకు 'తెడ్డు' అని వాట్సాప్ చేయండి" అని చెప్పి, అక్షరాలు తెర మీద కూడా చూపించండి. ఆ మాట ఆ ఒక్క షార్ట్‌లోనే వాడాలి. జనం దాన్ని teddu, tedu, తెడ్డు అని ఎలాగైనా రాస్తారు. పుస్తకంలోకి ఎక్కించే మనిషి మాత్రం ఎప్పుడూ ఒకే రకంగా `teddu` అని రాయాలి.

వ్యూస్ పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, అది ఒక వ్యూ. ఎంతసేపు చూశారన్న షరతు లేదు. పాత పద్ధతి లెక్క ఎంగేజ్‌డ్ వ్యూస్ అని వేరుగా ఉంటుంది. షార్ట్ వ్యూస్‌నూ పది నిమిషాల వీడియో వ్యూస్‌నూ ఒకే గంపలో పోసి రేట్లు కడితే షార్ట్స్ ఎప్పుడూ చతికిలపడినట్టే కనిపిస్తాయి. షార్ట్‌ను షార్ట్‌తోనే పోల్చాలి.

నాలుగో మెట్టు: పుస్తకం

గూగుల్ షీట్ ఒకటి చాలు. A వరసలో చాట్ మొదలైన తేదీ, B లో ఫోన్ నంబరు, C లో కోడ్, D లో "ఎక్కడ చూశారు" అన్నదానికి వాళ్ల జవాబు, E లో `new` లేదా `old`, F లో కట్టిన డబ్బు, G లో పిన్‌కోడ్. కొనకపోయినా ప్రతి చాట్‌కూ ఒక వరస ఉండాలి. కొనకపోతే F ఖాళీ, పార్సిల్ తిరిగొస్తే F లో 0. కొన్నవాళ్లను మాత్రమే రాస్తే అడిగినవాళ్లలో ఎందరు కొన్నారో ఎప్పటికీ తెలియదు.

D వరస మీద పట్టుదలగా ఉండండి. కోడ్ ఒక్కదాన్నే నమ్మితే సగం కథ పోతుంది. కొందరు కోడ్ ఉన్న మాటల్ని చెరిపేసి "hi" అని పంపుతారు. కొందరు వీడియోలో కనిపించిన నంబరును సేవ్ చేసుకుని వారం తర్వాత ఫోన్ చేస్తారు. కొందరు టీవీలో చూసి ఫోన్‌లో టైప్ చేసుకుంటారు. వీళ్లంతా వీడియో వల్ల వచ్చినవాళ్లే అయినా లింక్‌కు తెలియదు. అందుకే ప్రతి కొత్తవాళ్లనూ ఒక్క ప్రశ్న అడగాలి, అదీ ధర చెప్పాక, డబ్బు కట్టకముందు. అప్పుడైతే జవాబు చెబుతారు. పార్సిల్ అందాక అడిగితే జవాబు రాదు.

ఒక చాట్ ఇలా నడుస్తుంది:

"నమస్తే, గరిటెల సెట్ కావాలి. కోడ్: kadugu-d"
"నమస్తే అమ్మా. ఆరు గరిటెల సెట్ 650, పార్సిల్ అందులోనే."
"హైదరాబాద్‌కు పంపిస్తారా అక్కా?"
"పంపిస్తామమ్మా. ఒక్క మాట, మమ్మల్ని మొదట ఎక్కడ చూశారు?"
"మా చెల్లి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది అక్కా, ఆ లింకే నొక్కాను."

చెల్లెలు వీడియో కింది లింక్‌ను ఉన్నదున్నట్టు స్టేటస్‌లో పెట్టింది, అందుకే కోడ్ `kadugu-d` అని వచ్చింది. ఇది `kadugu` ఖాతాలోకే వెళ్తుంది, ఎందుకంటే ఆ లింక్ అక్కడి నుంచే బయల్దేరింది. D వరసలో "చెల్లి స్టేటస్" అని రాస్తారు. ఇలాంటి జవాబులు పదే పదే వస్తుంటే, జనం ఒకరికొకరు పంపుకునే వీడియో ఏదో కూడా తెలిసిపోతుంది. కోడ్ ఒకటి, జవాబు మరొకటి అయినప్పుడు లెక్క కోడ్‌ను బట్టే వేయండి, జవాబును పక్కన ఉంచండి. ఈ నియమం నెల మధ్యలో మార్చకూడదు.

పిన్‌కోడ్ ఎందుకంటే, ప్రకాశం వైపు పిన్‌కోడ్లు 523తో, నెల్లూరు వైపువి 524తో మొదలవుతాయి. కోడ్ లేని ఆర్డర్లలో ఇవి ఎక్కువగా ఉంటే అవి చుట్టాల మాట, కొట్టు బోర్డు, పెళ్లిలో ఎవరో చెప్పడం వల్ల వచ్చే అవకాశం ఎక్కువ. బెంగళూరు, హైదరాబాద్ పిన్‌కోడ్లతో కోడ్ లేకుండా వచ్చేవి వీడియో చూసి నంబరు పట్టుకున్నవి కావచ్చు. ఇది రుజువు కాదు, కానీ లింకుల్లో ఎంత కారిపోతోందో అంచనా ఇస్తుంది.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో చాట్‌కు లేబుల్ తగిలించే వీలుంది. వీడియో పేరుతో ఒక లేబుల్, "డబ్బు వచ్చింది" అని ఒకటి పెట్టుకుంటే సాయంత్రం షీట్ నింపేటప్పుడు చాట్లన్నీ తిరగేయక్కర్లేదు.

షీట్‌లో లెక్క రెండు సూత్రాలతో వస్తుంది. మొదటిది కొత్తవాళ్ల ఆర్డర్ల సంఖ్య, రెండోది వాళ్లు కట్టిన డబ్బు:

```
=COUNTIFS(C:C,"kadugu*",E:E,"new",F:F,">0")
=SUMIFS(F:F,C:C,"kadugu*",E:E,"new")
```

నక్షత్రం గుర్తు వల్ల `kadugu-d`, `kadugu-p` రెండూ కలిసి వస్తాయి. ఒక కొత్త మనిషి రెండోసారి కొన్నప్పుడు ఆ వరసలో `old` అని రాయాలి, లేకపోతే రెండుసార్లు లెక్కలోకి వస్తారు.

అయిదో మెట్టు: రేట్లు కట్టడం

కన్వర్షన్ రేట్ అని ఒకే అంకె ఉండదు. దేన్ని దేనితో భాగిస్తున్నారో చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు. మన దారిలో మూడు చోట్ల జనం తగ్గుతారు: చూసినవాళ్లలో పేజీకి వచ్చినవాళ్లు, పేజీకి వచ్చినవాళ్లలో చాట్ చేసినవాళ్లు, చాట్ చేసినవాళ్లలో డబ్బు కట్టినవాళ్లు. మూడూ విడివిడిగా కట్టాలి.

రెండు వీడియోలనూ ఒకే వయసులో పోల్చాలి. క్యాలెండర్ నెలతో పోలిస్తే, ఒకటో తేదీన పెట్టిన వీడియోకు ముప్పై రోజులు దొరుకుతాయి, ఇరవయ్యో తేదీన పెట్టినదానికి పదకొండు. నేను ప్రతి వీడియోకూ మొదటి 28 రోజులు తీసుకోమంటాను. 28 అయితే నాలుగు ఆదివారాలు, నాలుగు సోమవారాలు, అన్ని వారాలూ సమానంగా పడతాయి.

మన కుటుంబానికి మొదటి 28 రోజుల్లో ఇలా వచ్చిందనుకోండి. `chekkudu` వీడియోకు 42,000 వ్యూస్, పేజీకి 210 మంది, చాట్లు 63, కొత్తవాళ్ల ఆర్డర్లు 5. `kadugu` వీడియోకు 2,600 వ్యూస్, పేజీకి 104 మంది, చాట్లు 48, ఆర్డర్లు 18.

మొదటి వీడియోలో చూసినవాళ్లలో పేజీకి వచ్చింది 0.5 శాతం, వచ్చినవాళ్లలో చాట్ చేసింది 30 శాతం, చాట్ చేసినవాళ్లలో కొన్నది 8 శాతం. రెండోదానిలో అవే 4 శాతం, 46 శాతం, 37.5 శాతం. వెయ్యి వ్యూస్‌కు మొదటిది 0.12 ఆర్డర్లు తెచ్చింది, రెండోది దాదాపు 7.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో చాట్లు చదివితేనే తెలుస్తుంది. మొదటి వీడియో నుంచి వచ్చిన 63 చాట్లలో "ఎంత బాగా చేస్తున్నారో" అన్న మెచ్చుకోళ్లు, "మేం వస్తే చూపిస్తారా", "హోల్‌సేల్‌లో వందకు ఎంత" లాంటివి ఎక్కువ ఉన్నాయనుకోండి. వాళ్లకు పనితనం నచ్చింది, గరిటె అవసరం లేదు. కడిగే వీడియో చూసేవాళ్ల ఇంట్లో అప్పటికే చెక్క గరిటె ఉంది, అది పాడైపోతోంది, కొత్తది కొనాలని ఉంది. హోల్‌సేల్ అడిగినవాళ్లను మాత్రం వదలొద్దు. వాళ్లది 28 రోజుల్లో తేలే బేరం కాదు, వేరే షీట్‌లో రాయండి.

ఇక డబ్బు. మొదటి వీడియో 5 ఆర్డర్లకు 200 చొప్పున 1,000 మిగిల్చింది, ఖర్చు 6,000. ఇంకా 5,000 లోటు. ఖర్చు రాబట్టాలంటే 30 ఆర్డర్లు కావాలి, ఇదే రేటున అయితే సుమారు రెండున్నర లక్షల వ్యూస్ రావాలి. రెండోది 18 ఆర్డర్లకు 3,600 మిగిల్చింది, ఖర్చు 1,500 పోను 2,100 లాభం.

రేట్లు చూసేటప్పుడు ఒక పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. పేజీలో ముందు ధర లేదనుకోండి, తర్వాత రాశారు. మరుసటి నెల చాట్లు సగానికి తగ్గి, చాట్ నుంచి కొనేవాళ్ల శాతం రెట్టింపయింది. పెద్ద గెలుపులా కనిపిస్తుంది, కానీ ఆర్డర్లు అన్నే ఉన్నాయి. ఉత్తినే ధర అడిగేవాళ్లు తగ్గారు, మీ చేతిపని మిగిలింది, అంతే. శాతం పెరిగిందంటే పైన ఉన్న అంకె పెరిగిందా, కింద ఉన్న అంకె తగ్గిందా అని ప్రతిసారీ చూడాలి.

చిన్న అంకెలను ఎంతవరకు నమ్మాలి

చిన్న వ్యాపారంలో అసలు చిక్కు ఇదే. 9 ఆర్డర్లు తెచ్చిన వీడియో 12 తెచ్చినదానికంటే తీసికట్టా? చెప్పలేం. దీనికి చేతి లెక్క ఒకటుంది. ఆర్డర్ల సంఖ్యకు వర్గమూలం కట్టి, రెట్టింపు చేసి, దాన్ని అటూ ఇటూ వేయండి. 9 కి వర్గమూలం 3, రెట్టింపు 6. అంటే అదే వీడియో, అదే జనం, కేవలం అదృష్టం అటూ ఇటూ అయితే 3 నుంచి 15 దాకా ఎన్నయినా వచ్చి ఉండేవి. 12 కి ఇదే లెక్క చేస్తే దాదాపు 5 నుంచి 19. ఈ రెండు పరిధులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కాబట్టి ఏది మేలో ఇంకా తేలలేదని అర్థం.

మన ఉదాహరణలో 5 కి పరిధి సుమారు 1 నుంచి 9, 18 కి సుమారు 10 నుంచి 26. ఇవి కలవడం లేదు, పైగా రెండోదానికి వ్యూస్ పదహారో వంతే. ఇక్కడ నమ్మకంగా చెప్పవచ్చు. అయిదు కంటే తక్కువ ఆర్డర్లున్న చోట ఈ చేతి లెక్క కూడా సరిగా పనిచేయదు. అప్పుడు ఒక్కో వీడియోను కాకుండా ఒకే రకం వీడియోలను కలిపి చూడండి: వాడకం చెప్పేవి అన్నీ ఒక గుంపు, తయారీ చూపించేవి అన్నీ ఒక గుంపు.

మిగిలిపోయిన ఆర్డర్లను ఏం చేయాలి

అదే 28 రోజుల్లో కొత్తవాళ్ల ఆర్డర్లు మొత్తం 40 అనుకుందాం. కోడ్‌తో వచ్చినవి 23. మిగిలిన 17 మందిలో ఆరుగురు "యూట్యూబ్‌లో చూశాం, ఏదో గుర్తులేదు" అన్నారు, ముగ్గురు తెలిసినవాళ్లు చెప్పారన్నారు, ఎనిమిది మంది జవాబివ్వలేదు. ఈ ఆరింటినీ 5కు 18 నిష్పత్తిలో పంచేయాలని చేయి దురద పెడుతుంది. పంచొద్దు. కొంతమంది లింక్ నొక్కుతారు, కొంతమంది నంబరు రాసుకుంటారు. వయసు పైబడినవాళ్లు, టీవీలో చూసేవాళ్లు ఎక్కువగా ఉన్న వీడియోకు లింక్ లెక్క తక్కువగా వస్తుంది. పంచితే ఆ వంకరను ఇంకా పెంచినట్టే. "యూట్యూబ్, ఏదో తెలియదు" అని ఒక వరస, "తెలియదు" అని ఒక వరస ఉంచండి. ఈ రెండూ కలిసి మొత్తంలో మూడో వంతు దాటితే (ఇక్కడ 40లో 14, అంటే దాటింది) లింకులు ఎక్కడో కారుతున్నాయి. ముందుగా చూడాల్సింది వీడియో తెర మీద నంబరును. నంబరు పెద్దగా కనిపిస్తుంటే లింక్ ఎవరు నొక్కుతారు? నంబరు పక్కనే ఆ వీడియో మాట కూడా రాయండి: "'కడుగు' అని పంపండి".

అందమైన వీడియోను కొట్టిపారేయకముందు ఇంకొకటి సరిచూడాలి. `chekkudu` చూసి ఛానెల్ పట్టుకుని, తర్వాత `kadugu` కింద లింక్ నొక్కినవాళ్లు ఉండవచ్చు. కోడ్ ఎప్పుడూ చివరి లింక్‌కే పేరు ఇస్తుంది. అందుకే ప్రశ్నలో "మొదట" అన్న మాట ఉంది. `kadugu-d` కోడ్ ఉన్న వరసల్లో D చూసి, "గరిటె చెక్కే వీడియో మొదట చూశాం" అన్న జవాబులు ఎన్నో లెక్కపెట్టండి. పద్దెనిమిదిలో ఏడెనిమిది అలా ఉంటే ఆ 6,000 వృథా కాలేదు. ఒకటో రెండో ఉంటే, తర్వాతి డబ్బు వాడకం చెప్పే వీడియోల మీద పెట్టండి. `chekkudu` వీడియో చివర ఎండ్ స్క్రీన్‌లో `kadugu`ను తగిలించండి. ఎండ్ స్క్రీన్ మీద ఎంతమంది నొక్కారో యూట్యూబ్ స్టూడియోలోనే కనిపిస్తుంది. నలభై వేల మందిలో కొందరిని అటు మళ్లించడానికి పైసా ఖర్చు లేదు.

28వ రోజు షీట్‌లో ఆ వీడియో అంకెలను వేరే పేజీలోకి కాపీ చేసి తేదీ వేయండి, 90వ రోజు మళ్లీ అదే చేయండి. తయారీ చూపించే వీడియో సాధారణంగా మొదటి వారంలోనే చూపుల్ని లాగేసుకుంటుంది. "బూజు పడితే ఏం చేయాలి" అన్నది వానాకాలంలో, మన వైపు అక్టోబరు, నవంబరుల్లో, జనం వెతుక్కుంటూ వచ్చే ప్రశ్న. వేసవిలో పెట్టిన `kadugu`కు 28 రోజుల లెక్కలో కనిపించని ఆర్డర్లు అప్పుడు రావచ్చు, కాబట్టి ఆ లింక్‌నూ కోడ్‌నూ మార్చకుండా అలాగే ఉంచండి. పేజీ చిరునామా మార్చాల్సి వస్తే, పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లింపు పెట్టించి, యూటీఎం మాటలు దారిలో రాలిపోకుండా వస్తున్నాయో లేదో ఇంకో ఫోన్‌లో నొక్కి చూసుకోండి.